సెప్టెంబర్ క్లోజింగ్ చెక్‌లిస్ట్ – పీరియడ్ 06, 2025

చెల్లీ, ఈసారి దసరా సరిగ్గా క్లోజింగ్ మధ్యలో పడింది. 2వ తారీఖు సెలవు, 5 ఆదివారం, అందుకే లాక్ 8 బుధవారం సాయంత్రం 6కి పెట్టుకున్నాం, సారుకి కూడా అదే చెప్పాను. నేను 5 దాకా ఊళ్ళో ఉండను, ఫోన్ ఎత్తుతాను గానీ సిస్టమ్ ఉండదు. కింద ఉన్న వరస మార్చకు, ఒకటి అయ్యాకే ఇంకోటి. అయిన దానికి ఎదురుగా తారీఖు, డాక్యుమెంట్ నంబర్ రాయి, ఉత్త టిక్ పెడితే ఆడిట్ వాళ్ళు ఒప్పుకోరు.

30 మంగళవారం, ప్లాంట్‌లో షిఫ్ట్ అయ్యేలోపు

▢ దువ్వాడ స్టోర్స్‌కి ఫోన్ చేసి గేట్ దాటి లోపలికొచ్చిన సరుకు అంతటికీ `MIGO` అయిందా అని అడుగు, గేట్ రిజిస్టర్ ఫొటో తెప్పించుకో. రాత్రి 11కి వచ్చిన రొయ్యల లోడ్‌ని పొద్దున్న ఎంటర్ చేసి 1వ తారీఖు వేసేస్తారు, అదే మనకి ప్రతి నెలా తగాదా. లోడ్ దిగింది 30న అయితే పోస్టింగ్ డేట్ 30.09.2025 ఉండాల్సిందే.

▢ ఎక్స్‌పోర్ట్ ఇన్‌వాయిస్‌లు: ఇన్‌వాయిస్ తారీఖు కాదు, బిల్ ఆఫ్ లేడింగ్ తారీఖు చూడు. కంటైనర్ టెర్మినల్ యార్డులో ఉండి ఓడ ఎక్కనిది సెప్టెంబర్ సేల్ కాదు, స్టాకే.

▢ కోల్డ్ స్టోర్ కౌంట్: మైనస్ 18లో ఎవరూ ఎక్కువసేపు నిలబడరు కాబట్టి ప్యాలెట్లు బయటి వైపు నుంచే లెక్కేసి వచ్చేస్తారు. కనీసం రెండు వరసలు లోపలిదాకా చూడమని చెప్పు. తేడా వస్తే ముందు గ్లేజింగ్ బరువు కలిపి రాశారా చూడు, ఆ తర్వాతే `MI07`.

1 బుధవారం

▢ `MMPV` పొద్దున్నే, పీరియడ్ 07, 2025. ఇది నడవకపోతే స్టోర్స్‌లో అక్టోబర్ ఎంట్రీ ఒక్కటి కూడా పడదు. ఇది నడిచిందంటే ఆగస్టు పూర్తిగా మూసుకుపోతుంది, సెప్టెంబర్ మాత్రం వెనకటి పీరియడ్‌గా ఇంకా తెరిచే ఉంటుంది.

▢ `OB52`లో రెండు ఇంటర్వల్స్ ఇలా ఉండాలి:

```
      Interval 1           Interval 2           AuGr
+     06 2025 - 06 2025    07 2025 - 07 2025    FCLS
```

మొదటి ఇంటర్వల్ FCLS గ్రూపు ఉన్నవాళ్ళకే, అంటే నీకు, నాకు, సారుకి. మిగతా అందరికీ అక్టోబరే. D, K, A, M, S లైన్లు కూడా ఇలాగే. + లైన్ మూసేస్తే కిందివి తెరిచున్నా ఎవరికీ పోస్ట్ అవదు, గాభరా పడి ఐటీ వాళ్ళకి ఫోన్ చేసే ముందు ఇది చూసుకో.

3 శుక్రవారం: ప్రొవిజన్లు

ఒక్కటే రూలు: బిల్లు ఎప్పుడొచ్చిందని కాదు, సర్వీస్ ఎప్పుడు తీసుకున్నామని. సెప్టెంబర్‌లో వాడుకున్నది సెప్టెంబర్ ఖర్చే, బిల్లు దీపావళికి వచ్చినా సరే.

కానీ ప్రొవిజన్ పెట్టే ముందు పీఓ చూడు. పీఓ ఉండి జీఆర్ఎన్ అయిపోయుంటే ఆ ఖర్చు ఆల్రెడీ జీఆర్-ఐఆర్ అకౌంట్‌లో కూర్చుంది, దానికి మళ్ళీ జేవీ వేస్తే ఖర్చు డబుల్. సరుకు రవాణా చార్జీలు పీఓలో కండిషన్‌గా పెట్టినా ఇదే కథ. కాబట్టి ప్రొవిజన్ అనేది పీఓ లేనివాటికి, జీఆర్ఎన్ కానివాటికి మాత్రమే.

▢ కరెంటు: హెచ్‌టీ మీటర్ రీడింగ్ 24న అయింది, ఆ బిల్లు బుక్ అయింది. 25 నుంచి 30 దాకా 6 రోజులు, ప్లాంట్ లాగ్ ప్రకారం రోజుకి 9,400 యూనిట్లు, అన్నీ కలిపి యూనిట్ 8.10 చొప్పున 4,56,840. లాగ్ బుక్ పేజీ అటాచ్ చెయ్యి, పోయిన నెల అంకె తీసి కాపీ కొట్టకు.

▢ పీలింగ్ షెడ్ కాంట్రాక్ట్ లేబర్: హాజరు షీట్ ఈ రోజే తీసుకో. కాంట్రాక్టర్‌ది విజయనగరం, 7న పైడితల్లమ్మ సిరిమానోత్సవం, ఆయన ఇక రెండు మూడు రోజులు దొరకడు.

▢ క్లియరింగ్ ఏజెంట్, ఓషన్ ఫ్రైట్, టెర్మినల్ చార్జీలు: సెప్టెంబర్‌లో ఓడ ఎక్కిన కంటైనర్ల లిస్టు పక్కన బుక్ అయిన బిల్లులు పెట్టు, ఎదురుగా ఏమీ లేని ప్రతి కంటైనర్‌కీ ప్రొవిజన్.

▢ బోనస్, గ్రాట్యుటీ నెల వంతు, ఆడిట్ ఫీజు నెల వంతు, ప్యాకింగ్ క్రెడిట్ మీద 30 దాకా వడ్డీ. ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ నుంచి ఒక నెల ఖర్చులోకి. డ్రాబ్యాక్, రోడ్‌టెప్ ఆదాయం షిప్పింగ్ బిల్లుల ప్రకారం.

▢ అన్నీ `FBS1`లోనే, రివర్సల్ రీజన్ 05, రివర్సల్ తారీఖు 01.10.2025. మామూలు జేవీ వేస్తే వచ్చే నెల రివర్స్ చెయ్యడం ఎవరికీ గుర్తుండదు, అసలు బిల్లు వచ్చాక ఖర్చు రెండుసార్లు కనిపిస్తుంది. అయ్యాక `F.81` ముందు టెస్ట్ రన్, తర్వాత అసలుది.

▢ పార్టీ పేరు తెలిసిన ప్రొవిజన్ల మీద టీడీఎస్ కూడా లెక్కెయ్యి, అది సస్పెన్స్ ఖాతాలో పెట్టినా చట్టం ప్రకారం క్రెడిట్ ఇచ్చినట్టే. సెప్టెంబర్ టీడీఎస్ చలానా 7 మంగళవారం లోపు కట్టాలి.

▢ సాయంత్రం `MMRV`లో వెనకటి పీరియడ్‌కి పోస్టింగ్ అనుమతి టిక్ తీసెయ్యి. స్టోర్స్ నుంచి ఒక్క ఎంట్రీ ఉండిపోయిందని ఎలాగూ ఫోన్ వస్తుంది. లక్ష లోపుదైతే ఆ సరుకు విలువకి ప్రొవిజన్ పెట్టు, తెరవకు.

4 శనివారం, 6 సోమవారం: రీకోలు

▢ బ్యాంకు: మెయిన్ అకౌంట్ బ్యాలెన్స్ స్టేట్‌మెంట్‌తో పైసాతో సహా కలవాలి. సబ్ అకౌంట్లు `FBL3N`లో 30.09.2025 కీ డేట్‌తో ఓపెన్ ఐటమ్స్ తీస్తే మిగిలేవి మారని చెక్కులూ, దారిలో ఉన్న డబ్బే అవ్వాలి. 90 రోజులు దాటినది ఏదన్నా ఉంటే పక్కన కారణం రాయి, "ఫాలో అప్ జరుగుతోంది" అనేది కారణం కాదు.

▢ జీఆర్-ఐఆర్: `F.13` నడిపి కలిసినవి క్లియర్ చేసి, మిగిలినవి `MB5S`లో చూడు. `MR11` జోలికి ఒక్కదానివే వెళ్ళకు. బిల్లు ఇంకా రావాల్సినదాన్ని అందులో కొట్టేస్తే, రేపు బిల్లు వచ్చినప్పుడు ఆ తేడా ఎక్కడ పడిందో వెతుక్కోవాలి.

▢ స్టాక్: `MB5L`లో మెటీరియల్ విలువ, జీఎల్ విలువ. తేడా సున్నా రాకపోతే ఎవరో స్టాక్ ఖాతాలో చేత్తో జేవీ వేశారు, యూజర్ పేరు తీసి నాకు పంపు.

▢ డాలర్లు: `OB08`లో 30వ తారీఖు ఎఫ్‌బీఐఎల్ రిఫరెన్స్ రేటు ఎక్కించాక `FAGL_FCV`. బయ్యర్ల బాకీలు, ఈఈఎఫ్‌సీ ఖాతా, డాలర్ లోన్ వస్తాయి. బయ్యర్ ఇచ్చిన అడ్వాన్స్ రాకూడదు, అది సరుకుతో తీరేది, డబ్బుతో కాదు.

▢ తరుగుదల `AFAB`, టెస్ట్ రన్‌లో ఎర్రర్ లిస్టు ఖాళీ అయ్యాకే. కొత్త ప్లేట్ ఫ్రీజర్ 18న మొదలైంది, సీడబ్ల్యూఐపీలోంచి బయటికి తీశారా చూడు.

▢ జీఎస్‌టీ: సేల్స్ రిజిస్టర్, జీఎల్, ఐఆర్ఎన్ లిస్టు మూడూ కలవాలి. 2బీ 14న వస్తుంది, దాని కోసం క్లోజింగ్ ఆపం.

7, 8: చూసుకుని తాళం

▢ పార్క్ చేసి వదిలేసిన డాక్యుమెంట్లు `FBV3`లో చూడు. పోస్ట్ చెయ్యి, లేదా డిలీట్ చెయ్యి.

▢ ట్రయల్ బ్యాలెన్స్ పోయిన నెలతో పక్కపక్కన పెట్టి, 10 శాతం పైన కదిలిన ప్రతి లైన్‌కీ ఒక వాక్యం. ఐస్ ఖర్చు తగ్గి ప్రొడక్షన్ పెరిగిందంటే ఐస్ బిల్లు ఎక్కడో ఉండిపోయినట్టు.

▢ 7 సాయంత్రం `OB52`లో D, K లైన్లు రెండు ఇంటర్వల్స్‌లోనూ 07 నుంచి 07. 8 మధ్యాహ్నం సారు చూసి ఓకే అన్నాక, సాయంత్రం 6కి A, M, S, చివర్న +. కంట్రోలింగ్ లాక్ `OKP1` విడిగా, ఇది మర్చిపోతే కాస్ట్ సెంటర్ అలొకేషన్లు వెనక్కి నడిపేస్తారు.

▢ 06లో ఒక టెస్ట్ జేవీ ప్రయత్నించు, ఎర్రర్ రావాలి. స్క్రీన్‌షాట్ క్లోజింగ్ ఫోల్డర్‌లో పెట్టు. ఆ తర్వాత తెరవాలంటే సారు మెయిల్ కావాలి, అందులో మొత్తం, కారణం, ఎన్ని గంటలకి మళ్ళీ మూస్తామన్నది ఉండాలి. ఫోన్‌లో చెప్పారనో, కారిడార్‌లో అన్నారనో తెరవకు.