నెలసరి సెలవు: ఈరోజు (అక్టోబర్ 14, మంగళవారం) పూర్తిగా, రేపు ఒక పూట

ప్రసాద్ గారూ, నమస్తే.

నాకు తెల్లవారుజామున నెలసరి మొదలైంది. కడుపునొప్పి, నడుంనొప్పితో కూర్చుని పనిచేసేలా లేదు. మన సెలవుల పాలసీలో నెలకు రెండు రోజుల నెలసరి సెలవు ఉంది కదా, అందులోంచి ఈరోజు పూర్తిగా, రేపు మధ్యాహ్నం ఒంటిగంట దాకా తీసుకుంటాను. నాకు మొదటి రోజే ఎక్కువ ఇబ్బంది, అందుకని రేపు రెండో పూట ఇంటి నుంచి పని చేస్తాను. ఒకవేళ తగ్గకపోతే పదకొండింటిలోపు మీకు మెసేజ్ పెట్టి ఆ పూట కూడా సెలవు పెడతాను. తేదీ ముందే తెలిసేది కాదు కాబట్టి ఈ సెలవుకు అదే రోజు చెప్పినా సరిపోతుందని పాలసీలో ఉంది. రెండు రోజుల వరకు డాక్టర్ సర్టిఫికెట్ కూడా అడగరు, అందుకే ఏదీ జతచేయలేదు.

పోర్టల్‌లో 7:40కే అప్లై చేశాను. అప్రూవ్ చేసేముందు సెలవు రకం `Menstrual Leave` అనే ఉందో లేదో ఒక్కసారి చూడండి. పూట సెలవు కలిపి పెట్టినప్పుడు పోర్టల్ దాన్ని ఒక్కోసారి `Sick Leave`కి మార్చేస్తోంది. అలా అప్రూవ్ అయిపోతే సిక్ లీవ్‌లోంచి ఒకటిన్నర రోజు పోతుంది, సరిచేయాలంటే రద్దు చేసి మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. 20వ తేదీన జీతాల లెక్క మూసేస్తారు, ఆలోపు అప్రూవల్ పడకపోతే అది జీతం కోత కిందికి వెళ్తుంది. టీమ్ క్యాలెండర్‌లో మాత్రం ‘సెలవు’ అని ఉంటే చాలు, రకం అక్కర్లేదు.

ఇక పని సంగతి. ఈరోజు సాయంత్రం నాలుగు గంటల పేమెంట్లకు 38 ఇన్వాయిస్‌లు ఉన్నాయి. 31 పర్చేజ్ ఆర్డర్‌తో, సరుకు అందిన రసీదుతో సరిపోయాయి, మీ అప్రూవల్ ఒక్కటే మిగిలింది. నాలుగు ఇన్వాయిస్‌లకు రసీదు ఇంకా స్టోర్స్ నుంచి రాలేదు, లావణ్య అడుగుతున్నారు, మధ్యాహ్నం మూడు గంటలలోపు వస్తే వాటినీ కలిపేస్తారు. మిగిలిన మూడు ఇన్వాయిస్‌లలో బిల్లు వేసిన సంఖ్య అందిన సరుకు కంటే ఎక్కువ ఉంది. సరఫరాదారు ఫోన్ చేసి తొందరపెట్టినా వాటిని ఈరోజు వదలొద్దు, క్రెడిట్ నోట్ వచ్చాకే చెల్లించాలి. ఫైలు షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది, ఆ మూడు వరసలకు ఎరుపు రంగు వేశాను.

ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. ఆ మూడు బిల్లుల గురించి అయితే కాల్ చేయండి, మిగతా వాటికి మెసేజ్ పెడితే సాయంత్రం చూస్తాను.

సుజాత
అకౌంట్స్, చెల్లింపుల విభాగం