మేనేజర్ గారి వీడ్కోలు సభలో క్యారికేచర్ అందజేస్తూ

సార్, ముందే చెప్తున్నా, కోప్పడకూడదు. కిందటి కార్తీక మాసం పిక్నిక్‌లో తీసిన మీ ఫోటో చూసి గీయించాం ఈ క్యారికేచర్. ఫోటో పంపింది మేడం గారే. ఫిర్యాదులుంటే ఇంట్లో తేల్చుకోండి.

తల ఇంత పెద్దది, ఒళ్లు ఇంత చిన్నది. ఈ బొమ్మల తీరే అది. మీసం మాత్రం ఆర్టిస్టు పెంచలేదు, ఉన్నదున్నట్టే వేశాడు! నుదుటి మీద కళ్లజోడు చూశారా? దాన్ని అక్కడే పెట్టుకుని, "నా కళ్లజోడు ఎవరు తీశారయ్యా" అంటూ సెక్షనంతా తిరిగేవారు. జేబులో ఆ ఎర్ర పెన్నుతోనే మా లీవ్ లెటర్లలో తప్పులు దిద్ది మరీ శాంక్షన్ చేసేవారు.

వెనకాల డాల్ఫిన్స్ నోస్, ముందు దండెం మీద ఫైళ్లు. కొత్తవాళ్లకి అర్థం కాదు. 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్లాక, కరెంటు లేని ఆ రోజుల్లో, సార్ ప్యాంటు మడిచి, తడిసిన సర్వీస్ రిజిస్టర్లు ఒక్కో పేజీ విడదీసి మేడ మీద ఆరబెట్టారు. ఇవాళ మా ఇంక్రిమెంట్ల లెక్క సరిగ్గా ఉందంటే ఆ కాగితాల వల్లే.

మేడం గారూ, మీరూ రండి. సార్, రెండు చేతులా పట్టుకోండి, ఫ్రేము బరువుగా ఉంది.