మూడో గది

మునిరత్నం రాజీనామా కాగితంలో రెండే వాక్యాలున్నాయి. ఈ నెలాఖరుతో ఉద్యోగం మానుకుంటున్నాను. దయచేసి అనుమతించగలరు. కారణం ఒక్క ముక్క కూడా రాయలేదు.

జూన్ నెల. గేటు బయట తోతాపురి మామిడి లోడ్లతో ట్రాక్టర్లు బెంగళూరు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. టోకెన్ పిలుపు కోసం రైతులు రాత్రిళ్లు బండ్ల కిందే పడుకుంటున్నారు. చిత్తూరు చుట్టుపక్కల ఏ గుజ్జు ఫ్యాక్టరీకైనా ఏడాది సంపాదనంతా ఈ రెండు నెలల్లో రావలసిందే. అలాంటప్పుడు మాగుడు గదులు చూసుకునే మనిషి పోతానంటే మేనేజర్ సుధాకర్‌కు ముందుగా తోచింది ఒకటే.

"బంగారుపాళ్యం వాళ్లు పిలిచినారా? ఎంత ఇస్తామన్నారు?"

"ఎవురూ పిలవలా సార్. ఊర్లో ఆవులుండాయి. నాయనకు చేత కావడంలా."

"ఐదు వేలు పెంచుతా. సీజన్ అయ్యేదాకా ఉండు."

"జీతం గురించి కాదు సార్."

"మరి?"

మునిరత్నం నోరు తెరిచాడు. అదే సమయానికి ఫోను మోగింది. చెన్నై పోర్టుకు పోవలసిన డ్రమ్ముల లారీ ఎక్కడో ఆగిపోయిందట. సుధాకర్ ఆ మాటల్లో పడిపోయాడు. ఫోను పెట్టేసరికి మునిరత్నం లేచి నిలబడి ఉన్నాడు.

"పోయొస్తా సార్. రెండో గదికి గ్యాసు పెట్టాల."

సుధాకర్ చెడ్డవాడు కాదు. పండగకు కూలీలకు ముందే డబ్బులిప్పించేవాడు, రాత్రి షిఫ్టులో తనూ నిలబడేవాడు. పొద్దున ఎనిమిది గంటల మీటింగు మాత్రం పదిహేను నిమిషాల్లో ముగించాలి. ప్రశ్న తనే వేసేవాడు, జవాబు సగం వినగానే మిగతా సగం తనే చెప్పేసేవాడు. తెలివైనవాడు కాబట్టి చాలాసార్లు ఆ సగం సరిగ్గానే ఉండేది. ఎవరైనా ఒకటి ఎత్తబోతే, "నువ్వుండావు గదా, చూసుకో" అనేవాడు. మనిషిని నమ్మి అంటున్న మాట అనే అనుకునేవాడు. ఎనిమిదేళ్లలో ఆ మాట ఎక్కువగా విన్నది మునిరత్నమే. బ్యాచ్ రిపోర్టు మీద సంతకం పెట్టి, తల ఊపి వెళ్లిపోయే మనిషి. ఏ గొడవా తెచ్చేవాడు కాదు.

మునిరత్నం స్థానంలోకి ల్యాబ్ నుంచి శశికళను తీసుకున్నారు. డీజిల్ చీటీ మీద సంతకం కోసం గోడౌను వైపు వెళ్లిన సుధాకర్‌కు మాగుడు గదుల దగ్గర ఎవరో ధారాళంగా మాట్లాడుతున్న గొంతు వినిపించింది. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. మునిరత్నం.

"రంగు చూసి నమ్మొద్దు పాపా. తొడిమ కాడ బొటనవేలు పెట్టి చూడు. మాగిన కాయ అక్కడ ఊరికే లొంగుతాది. ముక్కు దగ్గర పెట్టుకో. పులుపు వాసనే వస్తా ఉంటే ఇంకో పూట ఉండనీ. కోసినాక తీపి బ్రిక్స్ పద్నాలుగు దాటాల, అది మీటరు చెప్తాది, నీకు తెలిసిందే. మీటరు దాకా పోకముందే చెయ్యి చెప్పాల."

శశికళ పుస్తకంలో రాసుకుంటోంది. అతను ట్రే నుంచి కాయ తీసి ఆమె చేతిలో పెట్టి, ఇంకోటి తీసి, రెండింటినీ తూచినట్టు పట్టుకోమంటున్నాడు. మాగబెట్టే ఎథిలీన్ గ్యాసు వంద పీపీఎం దాటకూడదనీ, మొదటి రోజు తలుపులు బిగించి ఉంచాలనీ చెప్పాడు. ఆ తర్వాత గాలి మార్చడం ఎందుకు తప్పదో చెప్పేటప్పుడు అతని గొంతు పెరిగింది.

"కాయ కూడా ఊపిరి పీలుస్తాది. వదిలిన చెడుగాలి గదిలోనే నిలిచిపోతే, నువ్వెంత గ్యాసు పెట్టినా కాయ మాగదు. మూలల్లో పచ్చిగానే ఉండిపోతాది. తలుపులు తీసి బాగా గాలాడినాకనే ఆడోళ్లను లోపలికి పంపు. మూడో గది విషయం మరీ జాగ్రత్త. లోపలి గాలిని లాగేసే ఫ్యాను పనిచెయ్యడంలా. నేను తలుపుకు రాయి అడ్డం పెట్టి నడిపిస్తా ఉండా."

సుధాకర్ ముందుకొచ్చాడు. "ఫ్యాను పోయిందని నాకెందుకు చెప్పలా?"

ఇద్దరూ తిరిగి చూశారు. మునిరత్నం గొంతు మళ్లీ ఎప్పటి స్థాయికి దిగిపోయింది.

"చెప్పినా సార్."

"ఎప్పుడు?"

"సీజన్‌కు ముందర, మీటింగులో. మూడో గది ఫ్యాను అని ఎత్తినా. నువ్వుండావు గదా, చూసుకో అన్న్యారు. కొత్త ఫ్యానుకు కాగితం పెట్టినా. సంతకం కాలా. చెంగమ్మ లోపల కండ్లు తిరిగి పడినప్పుడు మళ్లొచ్చినా. పొద్దున తినకుండా వచ్చుంటాది, ఎండగూడా ఉండాది, అన్న్యారు."

సుధాకర్ నాలుక మీద జవాబు సిద్ధంగానే ఉంది. సీజన్ ఒత్తిడి, ఆ వారం బాయిలర్ ఆగడం, కాగితాలు కుప్పలుగా పడడం. అన్నీ నిజాలే. శశికళ పెన్ను ఎత్తి పట్టుకుని తన ముఖంలోకే చూస్తోంది, సార్ ఇప్పుడు ఏమంటాడో ముందే తెలిసినట్టు. అతను అనలేదు. ట్రే ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. బయట కాటా దగ్గర ట్రాక్టర్ ఒకటి స్టార్టయింది, ఆగిపోయింది, మళ్లీ స్టార్టయింది.

"నేను పోయేది ఫ్యాను కోసం కాదు సార్," అన్నాడు మునిరత్నం.

సుధాకర్ ఎదురుచూశాడు.

"మూడో గదిలో మాగని కాయనంతా లేత కాయ అని రాస్తా ఉండాము. దాని మీద రైతు బిల్లులో తరుగు పడతా ఉండాది. ఆ లోడ్లు దించుకున్నది నేను. కోసి చూసుకునే దించుకున్నా. కాయలో లోపం లే సార్, గదిలో ఉండాది. ఐరాల నుంచి ఒక పెద్దాయన తూకం చీటీ పట్టుకోని వచ్చినాడు. ఏమప్పా, నా జన్మంతా మామిడి తోటలోనే అయిపోయ, లేత కాయేదో ముదురు కాయేదో నాకు తెలీదా, అన్న్యాడు. చీటీ మీద నా సంతకం ఉండాది. కాణిపాకం గుళ్లో ప్రమాణం చెయ్యరా అంటే నేను చెయ్యగలనా సార్?"

"నాకు ఇది తెలీదు మునిరత్నం."

"తెలీదు సార్. అదే గదా."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే సుధాకర్‌కు ఎదురు చెప్పడం సులువయ్యేది.

"ఫ్యాను రేపు పొద్దునకే వేయిస్తా. తరుగు సంగతి పెద్దాయనతో మాట్లాడతా. ఉండిపో."

"వేయించండి సార్. మాట్లాడండి." మునిరత్నం చేతిలోని కాయను ట్రేలో పెట్టాడు. "నేను మాత్రం పోతా. మళ్లీ మొదట్నుంచి చెప్పుకునే ఓపిక నాకు లే."

ఆ రాత్రి సుధాకర్ అకౌంట్స్ దామోదరాన్ని కూర్చోబెట్టి తరుగు చీటీలన్నీ తీయించాడు. ఒకే రైతు లోడు రెండు గదుల్లో పంచి పెట్టిన రోజులున్నాయి. రెండో గదిలో పెట్టిన సగం పూర్తిగా మాగింది, మూడో గదిలోని సగానికి తరుగు పడింది. ఒకే తోట కాయే, ఒకే రోజు కోసిన కాయే. అటువంటి చీటీలు పదకొండు దొరికాక దామోదరం కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

పొద్దున చెంగమ్మ దగ్గరికి వెళ్లి ఆ రోజు ఏం జరిగిందని అడిగాడు. ఆమె భయపడి ముందు ఏమీ లేదంది. అతను కదలకపోయేసరికి చెప్పింది. "ఆ పొద్దు ఒక్కటే కాదు సార్. ఆ గదిలో పని పడితే అందురికీ తలకాయ నొప్పే. మునిరత్నం అన్న తలుపులు తీసి కూసోబెడతాడు, మాకు పర్వాలా. ఆయన లేని షిఫ్టులోనే కష్టం." తిన్నావా లేదా అని ఆమెను ఎవరూ ఎన్నడూ అడగలేదని కూడా అంది. ఆ పొద్దు సంగటి తినే వచ్చిందట.

ఫ్యాక్టరీ యజమానితో ఫోన్‌లో మాట్లాడడం అంత తేలిగ్గా సాగలేదు.

"ఇప్పుడు తిరిగిస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టే గదా సుధాకర్?"

"అవును సార్. మనదే."

అవతల నుంచి చాలాసేపు మాట రాలేదు. మొదట సగం అన్నారు. సుధాకర్ ఆ పదకొండు చీటీల సంగతి ఒక్కొక్కటిగా చదివాడు. చివరికి పట్టిన తరుగంతా తర్వాతి పేమెంటులో కలపడానికి ఒప్పుకున్నారు. ఆ సంగతి మునిరత్నానికి చెబితే, "మంచిది సార్, ఐరాల ఆయనకు ముందు చెప్పండి" అన్నాడు. నెలాఖరుకు తాళాలు శశికళకు అప్పగించి తవణంపల్లె బస్సెక్కాడు. సుధాకర్ ఇంకోసారి ఉండమనలేదు. వినాలంటే ఆ పోతాననే మాటను కూడా వినాలి కదా.

ఎనిమిది గంటల మీటింగుకు సుధాకర్ ఫోను టేబుల్ సొరుగులో పెట్టి రావడం మొదలుపెట్టాడు. మొదట్లో అందరూ నేల చూపులు చూశారు. ఒక మనిషి పోగానే సారు మారిపోయాడంటే ఎవరు నమ్ముతారు? "ఏం లేదు సార్, అంతా బాగుండాది" అని లేచిపోబోయేవాళ్లు. సుధాకర్‌కు ఆ నిశ్శబ్దం భరించడం బాయిలర్ ముందు నిలబడడం కంటే కష్టమనిపించేది. అయినా పూరించేవాడు కాదు. ఒక రోజు బాయిలర్ సుబ్రమణ్యం నీళ్ల గొట్టం గురించి నసిగాడు. ఆ మధ్యాహ్నమే గొట్టం మారింది. మర్నాడు ఇంకో ఇద్దరు నోరు విప్పారు.

జూలైలో ఒక పొద్దున శశికళ లేచి నిలబడింది.

"సార్, ఫ్యాను వేసినా మూడో గది, ఐదో గది సరిగా మాగడంలా. మనం ట్రేలు మరీ..."

"ఐదోదానికీ ఫ్యాను మార్పిద్దాం, సాయంత్రానికి..." సుధాకర్ మధ్యలోనే ఆగాడు. శశికళ కూర్చోబోతోంది. "నేను అడ్డమొచ్చినా. కూర్చోవద్దు. మొదట్నుంచి చెప్పు."

ఆమె పుస్తకం తెరిచింది. ఫ్యానులో లోపం లేదు. సీజన్ తొందరలో ట్రేలను గోడల దాకా, పైకప్పు దాకా పేరుస్తున్నారు. గాలి తిరగడానికి జాగా లేదు. గోడకూ ట్రేలకూ మధ్య మనిషి పట్టేంత సందు వదలాలి, వరసల మధ్య కూడా. అలా పేర్చి రెండు గదుల్లో చూసింది, మూలల్లో కాయ కూడా మాగింది.

"అట్ల పేరిస్తే గదికి ఎంత తగ్గుతాది?"

"నాలుగో వంతు సార్. టోకెన్లు కూడా అంత తగ్గించాల."

నాలుగో వంతు అంటే రోజుకు ఎన్ని ట్రాక్టర్లో ఆ గదిలో అందరికీ తెలుసు. సుధాకర్ లెక్క వేశాడు, ఇంకోసారి వేశాడు.

"ఈ పొద్దు నుంచే అట్ల పేర్చండి," అన్నాడు. "గేటు కాడికి నేనే పోయి చెప్తా. శశికళా, నువ్వూ రా. కాయ గురించి అడిగితే నువ్వు చెప్పాల."

గేటు దగ్గర చుట్టూ మూగారు. ఎండకు అరటాకులు కప్పిన లోడ్లు, నిద్రలేని కళ్లు. టోకెన్లు తగ్గుతాయనగానే కేకలు లేచాయి. ఒకతను ట్రాక్టర్ బానెట్ మీద చేత్తో చరిచాడు. సుధాకర్ కారణం చెప్పాడు. మాగని కాయకు ఇకపై తరుగు పట్టమనీ, పట్టింది తిరిగి వస్తుందనీ చెప్పాడు. కేకలు తగ్గలేదు. చెట్టు మీద కాయ రాలిపోతోంది, ఇక్కడ ఎదురుచూసేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

"సారూ, నువ్వు చెప్పేది అయిపోయిందా?" అన్నాడు బానెట్ చరిచినతను. "మా మాట ఒకటుండాది."

"చెప్పన్నా," అన్నాడు సుధాకర్.

రాత్రి టోకెన్లు పిలిచే కుర్రాడు వరస తప్పించి తెలిసినవాళ్ల బండ్లను ముందుకు పంపుతున్నాడని అతను చెప్పాడు. పక్కనున్న ఇద్దరు బండి నంబర్లు చెప్పారు. సుధాకర్ శశికళ పుస్తకం అడిగి తీసుకుని, వాటిని రాసుకోవడం మొదలుపెట్టాడు.