రాజ్యాంగ సవరణ అధికారానికి హద్దులు, మౌలిక స్వరూప సిద్ధాంతం

ప్రశ్న: "రాజ్యాంగాన్ని సవరించే అధికారం ఉన్నంత మాత్రాన దాన్ని చెరిపేసే అధికారం ఉన్నట్టు కాదు." విమర్శనాత్మకంగా చర్చించండి. (సమయం: 45 నిమిషాలు)

సవరణ ఎలా చేయాలో 368వ అధికరణ చెబుతుంది. ప్రతి సభలోనూ మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలి. కొన్ని అంశాలకైతే కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కూడా కావాలి. ఏది ముట్టుకోకూడదో మాత్రం అందులో లేదు. మరి హద్దు ఎక్కడిది? పార్లమెంటుకు ఈ అధికారం ఇచ్చింది రాజ్యాంగమే. ఇచ్చినదాన్నే లేకుండా చేసే శక్తి ఆ అధికారంలో ఉండదన్నది ఈ సిద్ధాంతానికి ఆధారం. ఈ వాదన సరైనదే, కానీ దాన్ని అన్ని చోట్లా ఒకే బలంతో వాడలేమన్నది నా అభిప్రాయం.

మొదట్లో సుప్రీంకోర్టు ఇలా ఆలోచించలేదు. శంకరీ ప్రసాద్ (1951), సజ్జన్ సింగ్ (1965) కేసుల్లో ప్రాథమిక హక్కులను సైతం సవరించవచ్చంది. గోలక్‌నాథ్ (1967) కేసులో 6-5 తేడాతో మాట మార్చి, ఆ హక్కులను తగ్గించే సవరణ కుదరదంది. ఇది మరీ అతి. అప్పట్లో ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే కాబట్టి భూసంస్కరణలకు తాళం పడినట్టయింది. ప్రాథమిక హక్కులతో సహా దేన్నైనా సవరించవచ్చంటూ పార్లమెంటు 1971లో 24వ సవరణతో బదులిచ్చింది.

కేశవానంద భారతి తీర్పు (ఏప్రిల్ 24, 1973) ఈ రెండు కొసల మధ్య దారి వెతికింది. 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోలక్‌నాథ్‌ను పక్కనపెట్టి 24వ సవరణను సమర్థించింది. ఏ అధికరణనైనా సవరించవచ్చు, రాజ్యాంగ మౌలిక స్వరూపం మాత్రం చెడకూడదని 7-6 మెజారిటీతో తేల్చింది. అయితే ఆ స్వరూపంలో ఏమేం ఉన్నాయో ఏడుగురూ కలిసి ఒక జాబితా ఇవ్వలేదు. చీఫ్ జస్టిస్ సిక్రీ చెప్పినవి వేరు, జస్టిస్ జగన్మోహన్ రెడ్డి చెప్పినవి వేరు. మెజారిటీకి ఏడో ఓటైన జస్టిస్ ఖన్నా మరీ క్లుప్తంగా ఆగిపోయారు. సిద్ధాంతంపై ఇప్పటికీ వచ్చే విమర్శల్లో సగం ఇక్కడే పుట్టాయి.

దీని అసలు అవసరం రెండేళ్లకే తెలిసొచ్చింది. 1975 జూన్‌లో అలహాబాద్ హైకోర్టు ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నికను రద్దు చేసింది. అప్పీలు సుప్రీంకోర్టులో ఉండగానే ఎమర్జెన్సీ వచ్చింది, ఆ వెంటనే 39వ సవరణ వచ్చింది. ప్రధాని, స్పీకర్ ఎన్నికలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, ఆ రద్దు తీర్పు చెల్లదని రాజ్యాంగంలోనే రాసేశారు. ప్రక్రియ ప్రకారం అందులో లోపం లేదు. కోర్టు ఎన్నికను నిలబెట్టింది కానీ ఆ క్లాజును కొట్టేసింది. 1976లో 42వ సవరణ ఇంకో అడుగు ముందుకేసి, ఏ సవరణనూ ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదంది, సవరణ అధికారానికి ఎలాంటి పరిమితీ లేదంది. మినర్వా మిల్స్ (1980) ఆ రెండు క్లాజులనూ రద్దు చేసింది. పరిమిత అధికారం ఉన్నవారు దాన్ని తామే అపరిమితం చేసుకోలేరన్నది జస్టిస్ చంద్రచూడ్ తర్కం. దీనికి గట్టి జవాబు నాకు ఇంతవరకూ కనపడలేదు.

ఎన్నిక కాని జడ్జిలు ప్రజాప్రతినిధుల మాటను కాదనడమేంటన్నది ప్రధాన ఆక్షేపణ. జర్మనీలో ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే మానవ గౌరవం, ప్రజాస్వామ్యం వంటి సూత్రాలను సవరణతో తాకరాదని 79(3) అధికరణలోనే రాసుకున్నారు. మన దగ్గర ఆ గీత గీసింది కోర్టే. అందుకే గీతను ఎక్కడ వాడాలో జాగ్రత్త అవసరం. నేను పెట్టే పరీక్ష ఇది: ఈ సవరణ తప్పైతే రేపటి మెజారిటీ దాన్ని సరిదిద్దగలదా? నిష్పాక్షిక ఎన్నికలను, న్యాయ సమీక్షను దెబ్బతీసే సవరణ ఆ దారినే మూసేస్తుంది. అక్కడ కోర్టు అడ్డుపడాలి.

ఈ కొలతతో చూస్తే 2015 నాటి న్యాయ నియామకాల కమిషన్ తీర్పు అంత తేలిగ్గా నిలబడదు. జడ్జిల నియామకాన్ని ఆ కమిషన్‌కు అప్పగించిన 99వ సవరణను 4-1తో కొట్టేశారు, జస్టిస్ చలమేశ్వర్ విభేదించారు. న్యాయవ్యవస్థ స్వతంత్రత మౌలికమే, కాదనను. కానీ సీనియర్ జడ్జిలే కొత్త జడ్జిలను ఎంపిక చేసే కొలీజియం ఒక్కటే దానికి మార్గమా? పైగా తమ నియామకాల గురించి తామే తీర్పు చెప్పుకున్నారు. ఆర్థికంగా వెనుకబడినవారికి 10 శాతం రిజర్వేషన్ ఇచ్చిన 103వ సవరణను మాత్రం 2022లో 3-2తో నిలబెట్టారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పేదలను పక్కనపెట్టడం సమానత్వానికి విరుద్ధమన్న మైనారిటీ అభ్యంతరం బలమైనదే. అయినా ఆ లోపాన్ని సరిచేసే అవకాశం రేపటి పార్లమెంటుకు ఉంది. అందువల్ల ఆ కేసులో నేను మెజారిటీ వైపే ఉంటాను.