జ్వరంతో రెండు వారాలు పోయాక మళ్ళీ బార్ కిందికి: నీ ఐదు వారాల ప్లాన్

తమ్ముడూ, నీ మెసేజ్ మొత్తం చదివాను, లాగ్ కూడా చూశాను. పన్నెండు వారాల ప్రోగ్రామ్‌లో ఆరో వారం అయిపోగానే పడుకున్నావు, నాలుగు రోజులు గట్టి జ్వరం, ఆ తర్వాత దగ్గు నీరసం, మొత్తం రెండు వారాలు పోయాయి, బరువు 74 నుంచి 71.5కి వచ్చింది. ఇప్పుడు జ్వరం లేక ఆరు రోజులైంది, మందుల్లేకుండానే. సోమవారం నుంచి డైరెక్ట్‌గా తొమ్మిదో వారం చేసేస్తా అంటున్నావు, కేలెండర్ ప్రకారం అదే కదా అని. వద్దు. కేలెండర్ ముందుకెళ్ళింది గానీ నీ ఒళ్ళు వెళ్ళలేదు కదా. ఏడు, ఎనిమిది వారాలు నువ్వు చెయ్యనే లేదు, వాటి మీద కట్టిన తొమ్మిదో వారం నీకెలా వర్కవుట్ అవుతుంది?

ముందు ఒక విషయం తేల్చుకుందాం, ఇది సరిగ్గా లేకపోతే కింద రాసిన నంబర్లన్నీ పక్కన పెట్టెయ్. మెట్లెక్కితే ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్ళు తిరగడం, మామూలు నడకకే ఆయాసం, వీటిలో ఏ ఒక్కటున్నా జిమ్ కాదు, డాక్టర్ దగ్గరికెళ్ళి ఈసీజీ తీయించుకో. వైరల్ జ్వరాల తర్వాత ఒక్కోసారి గుండె కండరానికి వాపు వస్తుంది, తక్కువ మందికే, కానీ ఆ టైంలో బరువులెత్తితే ప్రాణం మీదికే రావచ్చు. ఇంకోటి, డాక్టర్ ఏదో యాంటీబయాటిక్ ఇచ్చారన్నావు, ఆ స్ట్రిప్ మీద పేరు చూడు. లెవోఫ్లాక్సాసినో సిప్రోఫ్లాక్సాసినో అయితే నాకు వెంటనే చెప్పు, ఆ రకం మందులతో టెండన్లు, ముఖ్యంగా మడమ వెనకది, దెబ్బతినే రిస్క్ ఉంది, అదీ కోర్సు అయిపోయిన కొన్ని నెలల వరకూ ఉండొచ్చు. అప్పుడు బాక్స్ జంప్స్, స్కిప్పింగ్, బరువైన కాఫ్ రైజెస్ అన్నీ తీసేస్తాను.

ఇవేం లేవనుకుని రాస్తున్నాను.

నువ్వు భయపడుతున్నంత బలం పోలేదు. రెండు మూడు వారాలు ఆపితే బార్ మీద ఎత్తే మాక్స్ పెద్దగా తగ్గదు, మంచం మీదే ఉండి తిండి సరిగా తినలేదు కాబట్టి నీకు మామూలు బ్రేక్ కన్నా కొంచెం ఎక్కువ పోయుంటుంది, అంతే. ఆ రెండున్నర కేజీల్లో ఎక్కువ భాగం నీళ్ళు, కండరాల్లో ఉండే గ్లైకోజెన్, తిండి మామూలుగా పడితే అవి త్వరగానే వెనక్కొస్తాయి. తొందరగా పోయేది దమ్ము. రక్తంలో ప్లాస్మా కొన్ని రోజుల్లోనే తగ్గిపోతుంది, అందుకే మొదటి వారం సెట్టు సెట్టుకీ రొప్పుతావు, బరువు తేలిగ్గానే ఉన్నా. ఇంకోటి పోయేది, దెబ్బ తట్టుకునే అలవాటు. రోజూ స్క్వాట్ చేసేవాడికి ఐదు సెట్లు లెక్క కాదు, అదే ఐదు సెట్లు గ్యాప్ తర్వాత చేస్తే రెండో రోజు కుర్చీలోంచి లేవలేడు. ఎత్తే సత్తా ఉంది కానీ, ఎత్తాక కోలుకునే సత్తా ఇంకా రాలేదు.

అందుకే నేను వెయిట్లు కొంచెం స్పీడ్‌గా, సెట్లు నిదానంగా పెంచుతున్నాను. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు, సగం బరువు వేసుకుని పాత సెట్లన్నీ కొట్టేస్తారు, తేలిగ్గా ఉంది కదా అని ఇంకో రెండు కూడా కలుపుతారు, అసలు నొప్పులు తెచ్చేది ఆ సెట్ల గుట్టే. పైగా వాల్యూమ్‌ని, అంటే మొత్తం సెట్లని, మూడో వంతుకి తగ్గించినా, బార్ మీద బరువు తగ్గకుండా ఉంచితే ఉన్న బలం చాలా వారాలు నిలబడుతుంది. కాబట్టి తక్కువ సెట్లు చేస్తే టైం వేస్ట్ అని అనుకోకు.

మొదటి వారం మూడు రోజులే, మధ్యలో ఒక్కో రోజు గ్యాప్. నీ పాత అప్పర్ లోయర్ నాలుగు రోజుల స్ప్లిట్ ఈ వారం మర్చిపో.

సోమవారం స్క్వాట్ 70 కేజీలు ఐదేసి రెండు సెట్లు, బెంచ్ 50 ఐదేసి రెండు, రో 42.5 ఎనిమిదేసి రెండు. బుధవారం డెడ్‌లిఫ్ట్ 85 నాలుగేసి రెండు, ఓవర్‌హెడ్ ప్రెస్ 30 ఐదేసి రెండు, లాట్ పుల్‌డౌన్ పదేసి రెండు తేలిగ్గా. శుక్రవారం మళ్ళీ సోమవారందే, స్క్వాట్ 75, బెంచ్ 52.5, రో 45, అదీ బుధ, గురువారాల్లో ఏ ఇబ్బందీ లేకపోతేనే. ఉంటే సోమవారం నంబర్లే రిపీట్. ఇవి నీ పాత వర్కింగ్ వెయిట్లలో దాదాపు డెబ్బై శాతం, అంటే 100 స్క్వాట్‌కి 70, 70 బెంచ్‌కి 50 అలా. లెగ్స్‌కి వారానికి పదహారు సెట్లు చేసేవాడివి, ఇప్పుడు ఆరు. ఇంతేనా అనిపిస్తుంది, ఇంతే. కర్ల్స్, ట్రైసెప్స్, లంజెస్ ఏవీ లేవు. లంజెస్ అయితే అస్సలు వద్దు, గ్యాప్ తర్వాత కాళ్ళు పట్టేసేది వాటితోనే.

ప్రతి సెట్‌లో ఇంకో నాలుగు రెప్స్ చేయగలను అనిపించే దగ్గర ఆపాలి. 70 వేస్తే ఐదో రెప్‌కే బార్ స్పీడ్ పడిపోతుంటే, పది శాతం తగ్గించి రెండో సెట్ చెయ్, మొండికెయ్యకు. సెట్ల మధ్య మూడు నిమిషాలు, శ్వాస మామూలయ్యాకే మళ్ళీ బార్ ముట్టుకో. దగ్గు ఇంకా కొంచెం ఉందన్నావు కదా, ఊపిరి బిగబట్టి కడుపు టైట్ చేసేటప్పుడు దగ్గు పొంగుకొస్తే నడుం మీద కంట్రోల్ పోతుంది, బార్ వీపు మీదున్నప్పుడు అది చాలా డేంజర్. వార్మప్ సెట్లలో దగ్గు వస్తే ఆ రోజు స్క్వాట్ బదులు లెగ్ ప్రెస్ తేలిగ్గా రెండు సెట్లు, డెడ్‌లిఫ్ట్ రోజైతే డెడ్‌లిఫ్ట్ కట్. సేఫ్టీ పిన్స్ ఎలాగూ పెట్టుకుంటావు, పెట్టుకో.

రెండో వారం నీ నాలుగు రోజుల స్ప్లిట్‌కి రా. స్క్వాట్ 85 ఐదేసి మూడు సెట్లు, బెంచ్ 60 ఐదేసి మూడు, డెడ్‌లిఫ్ట్ 105 నాలుగేసి రెండు, ప్రెస్ 35 ఐదేసి మూడు, రో 50 ఎనిమిదేసి మూడు. వీటికి తోడు రోజుకి ఒక్క అసిస్టెన్స్ ఎక్సర్‌సైజ్, రెండు సెట్లు, అది నీ ఇష్టం, కర్ల్స్ మిస్సవుతున్నావని తెలుసు. చేతిలో మూడు రెప్స్ మిగలాలి.

మూడో వారం స్క్వాట్ 92.5, బెంచ్ 65, డెడ్‌లిఫ్ట్ 117.5, ప్రెస్ 40, రో 55. సెట్లు మాత్రం రెండో వారంలో ఉన్నన్నే, అసిస్టెన్స్ ఒకటి పెంచుకో. ఈ వారమే నువ్వు తొందరపడతావు, ఎందుకంటే ఒళ్ళు తేలికపడుతుంది, 92.5 ఈజీగా లేస్తుంది, ఇంకో ఐదు వేద్దామా అనిపిస్తుంది, వెయ్యకు. బలం అక్కడే ఉందని ముందే చెప్పా కదా, అది లేవడం వింత కాదు, మర్నాడు ఎలా ఉన్నావన్నదే చూడాలి.

నాలుగో వారం పాత వెయిట్లు, స్క్వాట్ 100, బెంచ్ 70, డెడ్‌లిఫ్ట్ 125, ప్రెస్ 42.5, రో 60, కానీ పాత సెట్ల కన్నా ఒక్కోటి తక్కువ, అంటే స్క్వాట్ ఐదుకి బదులు నాలుగు. ఐదో వారం పూర్తి ఆరో వారం ప్రోగ్రామ్ ఉన్నదున్నట్టు. అది ఓకే అయితే తర్వాతి సోమవారం ఏడో వారం మొదలు. ఏడులో ఉన్న డీలోడ్, అదే ఒళ్ళుకి రెస్ట్ ఇచ్చే తేలిక వారం, తీసేస్తున్నా, రెండు వారాలు మంచం మీద తీసుకున్నావుగా, దాని ప్లేస్‌లో ఎనిమిదో వారం పని ముందుకి జరిపి మిగతా లాగ్ నేనే మార్చి పంపుతా.

అంటే ప్రోగ్రామ్ చివర్లో మాక్స్ పట్టే టెస్ట్ డే ఆరు వారాలు వెనక్కి పోతుంది. కోపమొస్తుందని తెలుసు. అయినా పాత డేట్‌కే మాక్స్ పట్టుకుంటానంటే నేను ఒప్పుకోను, దగ్గుతో సగం ఊపిరితో సింగిల్స్ చేసి సాధించేదేముంది.

ప్లాన్‌లో ముందుకెళ్ళాలా ఆగాలా అన్నది నువ్వు సెషన్ మధ్యలో తేల్చుకోవద్దు, మర్నాడు పొద్దున తేల్చుకో. లేవగానే మంచం మీదే పల్స్ చూసుకో, నీది మామూలుగా 58 ఉంటుంది, 65 దాటిందంటే ఆ రోజు నడక మాత్రమే. నొప్పులు రెండు రోజుల్లో తగ్గడం మొదలవ్వాలి, మూడో రోజు కూడా ఇంకా పెరుగుతుంటే ఆ వారం రిపీట్, వెయిట్ పెంచొద్దు. మళ్ళీ జ్వరం తగిలితే, టెంపరేచర్ కొంచెం ఉన్నా సరే, పూర్తిగా ఆపెయ్, తగ్గాక మొదటి వారం నుంచే మళ్ళీ. నొప్పులు విపరీతంగా ఉండి మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్రం నాకు మెసేజ్ పెట్టి కూర్చోకు, నేరుగా హాస్పిటల్‌కి వెళ్ళు, కండరం కరిగి కిడ్నీల మీద పడటం అంటే అదే.

కార్డియో గురించి అడిగావు. మొదటి వారం లిఫ్టింగ్ లేని రోజుల్లో ఇరవై నిమిషాల నడక, మాట్లాడుతూ నడవగలిగే స్పీడ్‌లో. రెండో వారం ముప్పై. ఇంటర్వెల్స్, స్ప్రింట్స్ నాలుగో వారం ముందు ఊసే ఎత్తకు. కటింగ్ కూడా అప్పటి వరకు బంద్, 71.5 చూసి మురిసిపోతున్నావేమో, అది కొవ్వు కరిగిన బరువు కాదు. తిండి మెయింటెనెన్స్‌లో లేదా కొంచెం పైన ఉంచు, ప్రోటీన్ కేజీకి 1.6 గ్రాముల దగ్గర, అంటే రోజుకి 115 గ్రాములు. ఆకలి ఇంకా సరిగా లేకపోతే మూడు పూటలకి బదులు ఐదుసార్లు కొంచెం కొంచెం తిను. నిద్ర ఎనిమిది గంటలు, ఆరు గంటలే పడుకున్న రోజు ఒక్కో లిఫ్ట్‌లో ఒక సెట్ తగ్గించెయ్, నన్ను అడగక్కర్లేదు.

సోమవారం స్క్వాట్ రెండో సెట్ పక్క నుంచి వీడియో తీసి పంపు, మంగళవారం పొద్దున పల్స్ ఎంతుందో, తొడలు ఎలా ఉన్నాయో రాయి. ఆ రెండూ చూసి బుధవారం డెడ్‌లిఫ్ట్ 85 ఉంచాలా 80కి దించాలా చెప్తాను.