పెద్దబాపుకు ఫోన్ పైసల ముచ్చట

పెద్దబాపూ, కొత్త ఫోన్ల ఆ ఓటీపీలు గీటీపీలు ఏందో సమజ్ అయితలేదన్నవ్ కదా, అన్ని రాసి పంపుతున్న, పెద్దమ్మతోని చదివించుకో, ఈ మెసేజ్ మాత్రం డిలీట్ చెయ్యకు.

ముందు పిన్. గది నీ ఖాతా నుంచి పైసలు పోవాల్నంటేనే కావాలె, బ్యాలెన్స్ చూసేటప్పుడు కూడ అడుగుతది అనుకో. పైసలు వచ్చేటప్పుడు పిన్ లేదు, స్కాన్ లేదు, ఏం లేదు, వాటంతట అవే పడ్తయ్. ఎవడన్న ఫోన్ జేసి "ఎనుమాముల మార్కెట్ల నువ్వు అమ్మిన మిర్చి పైసలు ఏస్తున్నం, జెర పిన్ కొట్టు" అన్నడా, వాడు ఏస్తలేడు, గుంజుతున్నడు. ఫోన్ పెట్టెయ్.

ఓటీపీ అంటే బ్యాంకోళ్లు మెసేజ్‌ల పంపే నంబరు, మస్తు సార్లు ఆరు అంకెలు ఉంటది, ఒక్క పనికే, కొన్ని నిమిషాలే పని చేస్తది. బ్యాంకు మేనేజర్నని చెప్పినా సరే ఎవ్వరికి చెప్పకు, నిజమైన మేనేజర్ అస్సలు అడుగడు. నువ్వేం చెయ్యకముందే ఓటీపీ వచ్చిందంటే ఎవడో నీ కార్డు మీద చెయ్యేసిండన్నట్టు, ఎంటనే బ్యాంకుకు చెప్పు. గ్యాస్ బండ కోడ్ వేరే, అది బండ ఇంటికి తెచ్చిన పిలగానికి చెప్పాల్సిందే, కాని గుమ్మం కాడ బండ చూసినంకనే, ఫోన్ల అడిగితే చెప్పకు.

కిరాణం కాడ నీ పైసలు కట్ అయినయ్, షాపాయన డబ్బా మాత్రం పలుకలే, అప్పుడు భయపడి మల్ల కొట్టకు. హిస్టరీల చూడు, పెండింగో ఫెయిలో ఉంటది, ఆ పేమెంట్‌ను గుర్తుపట్టే 12 అంకెల యూటీఆర్ నంబర్ కూడ గక్కడ్నే ఉంటది, రాసిపెట్టుకో. ఫెయిల్ అయితే రిజర్వ్ బ్యాంకు రూల్ ప్రకారం షాపుకు కొట్టినయి ఐదు రోజులల్ల, మనిషికి కొట్టినయి మరుసటి రోజుకల్ల వాపస్ రావాలె, లేటయితే రోజుకు 100 రూపాయలు బ్యాంకే ఇయ్యాలె.

ఇగ చార్జ్‌బ్యాక్. కార్డు మీద మోటర్ స్టార్టర్ ఆర్డర్ పెట్టినవ్, సామాన్ రాలే, అమ్మినోడు ఫోన్ ఎత్తుతలేడు. అప్పుడు మన బ్యాంకుకు పోయి దరఖాస్తు ఇస్తే వాళ్లు అమ్మినోని బ్యాంకుతోని పంచాయితీ పెట్టి, మనదే నిజమని తేలితే పైసలు తిరిగి ఇప్పిస్తరు. వారాలు పడ్తది, గడువు కూడ ఉంటది, లేట్ చెయ్యకు. ఆర్డర్ మెసేజ్, బిల్లు చూపియ్యాలె. గని నీ చేత్తోని పిన్ కొట్టి వేరేటోనికి పంపినయి, ఓటీపీ చెప్పి పోయినయి దీంట్ల వస్తయని ఆశ పెట్టుకోకు, మోసమైతే ఎంటనే సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ జెయ్యాలె, ఎంత జల్ది జేస్తే పైసలు ఆపెటందుకు అంత అవకాశం. "చార్జ్‌బ్యాక్ ఇప్పిస్తం, ఓటీపీ చెప్పు" అనేటోడు కూడ దొంగనే, తెలుసా! బ్యాంకు నంబర్ గూగుల్‌ల ఎతుకకు, ఏటీఎం కార్డు ఎనుక ఉంటది చూడు.

ఆదివారం హన్మకొండకు వస్తున్న, అప్పుడు నాకు పది రూపాయలు కొట్టి చూద్దువు, పిన్ మాత్రం నాకు కూడ కనపడనియ్యకు.