సవరణ: 15 కాదు, 30

గ్రూపు: ప్రథమ చికిత్స – శనివారం బ్యాచ్ (46 మంది)

ఆదివారం

ఉదయం 6:42
నేను: అందరికీ నమస్కారం. చిన్న సవరణ, కానీ ముఖ్యమైనది. నిన్న రాత్రి నేను పెట్టిన సీపీఆర్ నోట్స్‌లో "15 నొక్కులకి 2 ఊపిర్లు" అని రాశాను. అది తప్పు. పెద్దవాళ్లకి 30 నొక్కులు, తర్వాత 2 ఊపిర్లు. నా దగ్గరున్న పాత కాగితం చూసి రాశాను, క్షమించండి. సరిచేసిన నోట్స్ మొత్తం కింద పెడుతున్నాను. నిన్నటిది ఎవరికైనా పంపి ఉంటే, దయచేసి ఇది కూడా వాళ్లకి పంపండి.

6:43
నేను: పెద్దవాళ్లకి సీపీఆర్ (ఆదివారం ఉదయం సరిచేసినది)

ముందు చుట్టూ ప్రమాదం ఏమీ లేదని చూసుకోండి. మనిషి భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలకకుండా, ఊపిరి ఆడకుండా ఉన్నా, ఎగశ్వాసలాగా అప్పుడొకటి అప్పుడొకటి పీలుస్తున్నా మొదలుపెట్టాల్సిందే. ఒకరు అంబులెన్సుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాలి. ఇంకొకరు గుండెకి షాక్ ఇచ్చే యంత్రం, అంటే ఏఈడీ, దగ్గర్లో ఉంటే తేవాలి.

గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. రొమ్ము మధ్య ఎముక కింది చివర మీద, మణికట్టు పక్కన ఉండే అరచేతి గట్టి భాగం ఆనించండి. రెండో చెయ్యి దాని మీద. మోచేతులు వంచకూడదు, మీ భుజాలు సరిగ్గా మీ చేతుల పైకి రావాలి.

లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకూడదు. వేగం నిమిషానికి 100 నుంచి 120. అంటే 30 నొక్కులు 15 నుంచి 18 సెకన్లలో అయిపోవాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి, దాని మీద వాలిపోకండి.

30 అయ్యాక తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి 2 ఊపిర్లు. ఒక్కొక్కటి ఒక సెకను, ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ. ఈ విరామం 10 సెకన్లు దాటకూడదు. వెంటనే మళ్లీ 30.

2 నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి. ఏఈడీ రాగానే ఆన్ చేసి అది చెప్పినట్టు చెయ్యండి. అంబులెన్సు వాళ్లు చేతికి తీసుకునేదాకా, లేదా మనిషి కదిలి మామూలుగా ఊపిరి తీసుకునేదాకా ఆపొద్దు.

6:51
డ్రైవర్ అన్న: చూశాను తమ్ముడూ. నిన్నటిది మా బండ్ల వాళ్ల గ్రూపులో పెట్టాను. ఇప్పుడు ఇదంతా పెడితే ఎవరూ చదవరు

6:54
నేను: నిజమే అన్నా. ఇది పెట్టండి చాలు:

"నిన్న పంపిన సీపీఆర్ మెసేజ్‌లో ఒక అంకె మారింది. పెద్దవాళ్లకి 15 కాదు, 30 నొక్కులు, తర్వాత 2 ఊపిర్లు. పాత మెసేజ్ సేవ్ చేసుకుంటే తీసేయండి."

6:55
డ్రైవర్ అన్న: పెట్టేశా

7:02
రీడింగ్ రూం మాస్టారు: బాబూ, నేను నిన్న రాత్రే ప్రింట్ తీయించాను. ఒకటి రీడింగ్ రూం గోడకి అంటించాను, 20 కాపీలు పొద్దున నడకకి వచ్చిన వాళ్లకి పంచాను. దీనికి నువ్వేం బాధపడకు, ఎవరికైనా జరుగుతుంది.

7:05
నేను: థాంక్స్ మాస్టారూ. గోడ మీదిది ఇప్పుడే తీసేస్తే మంచిది, మిగతా అన్నిటికంటే అదే ఎక్కువమంది చూస్తారు. ఆ 20 మంది మీకు తెలిసినవాళ్లేనా?

7:07
రీడింగ్ రూం మాస్టారు: అందరూ తెలిసినవాళ్లే. వెళ్లి తీసేస్తాను. కొత్తది ప్రింట్ తీసి అంటిస్తాను.

7:15
కొత్త బ్యాచ్ చెల్లి: అన్నా ఒక డౌటు. నిన్నటి మెసేజ్ డిలీట్ చేసెయ్యొచ్చు కదా? పైకి వెళ్తే ఇంకా అదే కనిపిస్తోంది

7:18
నేను: ఎడిట్ చేసే టైం దాటిపోయింది. డిలీట్ చేస్తే, నిన్న కాపీ చేసుకున్నవాళ్లకి తమ దగ్గరున్నది తప్పుదో సరైనదో పోల్చుకునే వీలుండదు. అందుకే ఇవాళ్టికి ఉంచి, దానికి రిప్లైగా "ఇది వాడొద్దు, కింద సవరణ ఉంది" అని పెట్టాను. అందరూ చూశాక రాత్రికి తీసేస్తాను.

7:31
నర్సు అక్క: ఇంకో మాట. "కింది చివర" అని రాశావు. నిన్నటి దాంట్లోనూ అదే ఉంది. చివర మీద చెయ్యి పెట్టకూడదు. అక్కడ మొనలాంటి చిన్న ఎముక ఉంటుంది, విరిగితే లోపల కాలేయానికి దెబ్బ తగలొచ్చు.

7:33
నేను: మాస్టారూ, ప్రింట్ ఆపండి.

7:35
నేను: రెండో సవరణ. అక్క చెప్పింది సరైనది. "రొమ్ము ఎముక కింది చివర" కాదు, "కింది సగం". తేలిక గుర్తు: ఛాతీ నడిమధ్య. కింద మొన తగిలితే చెయ్యి కొంచెం పైకి జరపాలి. థాంక్స్ అక్కా.

7:36
రీడింగ్ రూం మాస్టారు: ఆపాను. షాపు దగ్గరే ఉన్నాను, చెప్పినప్పుడు తీయిస్తాను.

7:41
అకౌంట్స్ సార్: ఒక మెసేజ్‌లో రెండు తప్పులు వచ్చాయి. ఇంకెన్ని ఉన్నాయో ఎలా తెలుస్తుంది? ప్రాణాల విషయం కదా.

7:46
నేను: అడగాల్సిన ప్రశ్నే సార్. నేను రాసి నేనే సరిచూసుకున్నాను, అక్కడే దెబ్బ తగిలింది. ట్రైనర్ మేడం మొత్తం చదివి సరే అన్నాకే ప్రింట్ తీద్దాం. ఇకమీదట క్లాసు నోట్స్ కూడా ముందు మేడంకి పంపి, తర్వాతే గ్రూపులో పెడతాను.

7:47
అకౌంట్స్ సార్: అలా అయితే సరే.

8:20
ట్రైనర్ మేడం: ఇప్పుడే చూశాను. చదివాను. ఆ రెండు మార్పులతో మిగతాదంతా సరిగ్గా ఉంది. ఒక వాక్యం కలపండి: నోటితో ఊపిరి ఇవ్వడం రాకపోయినా, ఇవ్వడానికి వెనకాడినా ఆగిపోకుండా నొక్కుతూనే ఉండాలి. క్లాసులో చెప్పాను, నోట్స్‌లో లేదు.

8:23
నేను: కలిపాను మేడం. చివరి కాపీ ఫైల్‌గా పెడుతున్నాను, పేరులోనే "ఆదివారం 8:23" అని ఉంది. మాస్టారూ, ఇక దీన్నే ప్రింట్ తీయించండి.

8:30
డ్రైవర్ అన్న: మేడం, ఆ పాత కాగితంలో 15 ఉందంటే అప్పట్లో తప్పు నేర్పించారా?

8:38
ట్రైనర్ మేడం: తప్పు కాదు, అప్పటి పద్ధతి అది. 2005 మార్గదర్శకాల్లో 15:2 ని 30:2 గా మార్చారు. మనం నొక్కుతున్నప్పుడే గుండెకి, మెదడుకి రక్తం వెళ్తుంది. ఆపగానే గుండె రక్తనాళాల్లో ఒత్తిడి పడిపోతుంది. మళ్లీ మొదలుపెట్టాక అది పూర్వపు స్థాయికి రావడానికి చాలా నొక్కులు పడతాయి. 15 కే ఆపితే, ఒత్తిడి పుంజుకునే లోపే మళ్లీ విరామం వస్తుంది. 30 అయితే విరామాలు సగానికి తగ్గుతాయి. నిమిషానికి 100 నుంచి 120 అనే హద్దు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో 2015 లో వచ్చింది. ఎవరి దగ్గరైనా పాత కాగితాలుంటే వాటి మీద సంవత్సరం చూడండి.

8:41
నర్సు అక్క: 15:2 పూర్తిగా పోలేదు కూడా. పిల్లలకి ఇద్దరు ఆరోగ్య సిబ్బంది కలిసి చేసేటప్పుడు ఇప్పటికీ అదే. అందుకే ఆ అంకె అక్కడా ఇక్కడా కనిపిస్తూ ఉంటుంది.

8:44
నేను: అర్థమైంది అక్కా. మన నోట్స్ పైన "పెద్దవాళ్లకి మాత్రమే" అని పెద్దక్షరాల్లో పెట్టాను. పిల్లలది వచ్చే శనివారం క్లాసు తర్వాత వేరే కాగితం చేద్దాం, ఇందులో కలపొద్దు.

9:02
కొత్త బ్యాచ్ చెల్లి: అన్నా, నిన్న రాత్రి ఎవరికైనా అవసరమొచ్చి నేను 15 చొప్పున చేసి ఉంటే? రాత్రి నోట్స్ చదువుకునే పడుకున్నాను. అది తలచుకుంటే భయంగా ఉంది

9:09
నేను: చెల్లీ, నేను కూడా పొద్దున అదే అనుకున్నాను. అందుకే ఏడు కాకముందే మెసేజ్ పెట్టాను. 15 చొప్పున చేసినా, ఏమీ చెయ్యకుండా నిలబడి చూడటం కంటే ఎంతో మేలు. సీపీఆర్ అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని మేడం చెప్పారు కదా. ఆ సమయంలో అంకె గుర్తురాకపోతే ఛాతీ నడిమధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండు. ఎంత గట్టిగా, ఎంత వేగంగా అనేది మాత్రం నిన్నటి నోట్స్‌లోనూ సరిగ్గానే ఉంది.

9:14
ట్రైనర్ మేడం: అవునమ్మా. ఉన్నట్టుండి కుప్పకూలిన పెద్దవాళ్లకి కేవలం నొక్కడం చాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008 లోనే చెప్పింది. నీళ్లలో మునిగినవాళ్లకి, పిల్లలకి మాత్రం ఊపిర్లు కూడా చాలా అవసరం. వచ్చే క్లాసులో ముందు నీతోనే బొమ్మ మీద చేయిస్తాను, భయం పోతుంది.

9:15
కొత్త బ్యాచ్ చెల్లి: సరే మేడం, థాంక్యూ

9:50
రీడింగ్ రూం మాస్టారు: ప్రింట్ తీయించాను. గోడ మీద కొత్తది పెట్టాను. ఫోటో పెడుతున్నాను, ఒకసారి చూడు.

9:53
నేను: చూశాను మాస్టారూ. 30 ఉంది, "కింది సగం" ఉంది, కింద 8:23 ఉంది. పాతది?

9:54
రీడింగ్ రూం మాస్టారు: చింపేశాను.

మధ్యాహ్నం 12:10
డ్రైవర్ అన్న: మా గ్రూపులో ఒకతను "రోజుకో మాట చెప్తారు, ఏది నమ్మాలి" అంటున్నాడు. ఏం చెప్పను?

12:16
నేను: రాసేటప్పుడు పొరపాటైంది, మర్నాడు పొద్దున్నే సరిచేశాం, క్లాసు చెప్పే మేడం చూసి ఖాయం చేశారు అని చెప్పండి అన్నా. నమ్మకం కుదరకపోతే శనివారం క్లాసుకి రమ్మనండి, బొమ్మ మీద చేసి చూస్తే తెలుస్తుంది. ఇంకో నలుగురికి చోటుంది.

12:18
డ్రైవర్ అన్న: అడుగుతా. ఇద్దరు వస్తారేమో

సాయంత్రం 5:35
రీడింగ్ రూం మాస్టారు: 20 కాపీల్లో 17 వెనక్కి వచ్చాయి, వాళ్లకి కొత్తవి ఇచ్చాను. ఇద్దరికి ఫోన్ చేసి చెప్పాను, తమ దగ్గరున్న కాగితం మీదే పెన్నుతో 30 అని దిద్దుకున్నారు.

5:38
నేను: ఆ ఇద్దరికీ "కింది సగం" సంగతి కూడా చెప్పారా మాస్టారూ?

5:39
రీడింగ్ రూం మాస్టారు: అది మర్చిపోయాను. ఇప్పుడే చేస్తాను.

5:52
రీడింగ్ రూం మాస్టారు: చెప్పాను. దిద్దుకున్నారు. మిగిలిన ఒక్కరు ఊళ్లో లేరు, రేపు రాత్రికి వస్తారట.

5:54
నేను: సరే మాస్టారూ. వాళ్లది ఎల్లుండి పొద్దున నడకలో మార్చేద్దాం, నేనూ వస్తాను. నిన్నటి మెసేజ్ రాత్రి 9 కి తీసేస్తున్నాను. ఇంకా ఎవరికైనా పోల్చుకోవాల్సి ఉంటే అప్పటిలోగా చూసుకోండి.